చక్రం అడుగు బిందువు ఆగి ఉందన్నారు, మరి పై బిందువు త్వరణం నాకు రెట్టింపు ఎందుకొచ్చింది?

ఇంటర్_అమలాపురం

అందరికీ నమస్కారమండీ. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నగారు కాలవ గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ వస్తుంటే పక్కనుంచి ఫోన్లో ఫోటో తీశాను. చక్రంలో కింది పుల్లలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా ఉన్నాయి, పై పుల్లలు మాత్రం అలికేసినట్టు కలిసిపోయాయి. చక్రం జారకుండా దొర్లుతుంటే అడుగు బిందువు వేగం సున్నా, మధ్యలో ఇరుసు వేగం v, పైన 2v, పక్కన √2 v అని క్లాసులో చెప్పారు కాబట్టి ఫోటో అర్థమైంది. అంటే చక్రం మొత్తం ఆ క్షణంలో నేలను తాకే చోటు చుట్టూ తిరుగుతున్నట్టే లెక్క.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. పై బిందువు త్వరణం ఎంత అని లెక్క ఇచ్చారు. చక్రం వ్యాసార్ధం R అనుకుంటే, నేల మీది అక్షం నుంచి పై బిందువు దూరం 2R, వేగం 2v. వేగం వర్గాన్ని దూరంతో భాగిస్తే 4v²/2R, అంటే 2v²/R వచ్చింది. జవాబు v²/R అని ఉంది. వేగాలన్నీ సరిగ్గా ఇచ్చిన అక్షం త్వరణం దగ్గర ఎందుకు తప్పు చెప్పింది? సార్‌ని అడిగితే పరీక్షలో కేంద్రం నుంచే చెయ్యి, వదిలెయ్ అన్నారు. వదలబుద్ధి కావడం లేదు.

డిప్లొమా_కాకినాడ

తమ్ముడూ, నీ సార్ చెప్పిందే కరెక్టు. ఆ నేల మీది అక్షం అనేది ఉత్త ఊహ. నిజానికి చక్రం తిరిగేది ఇరుసు చుట్టూనే, అది కంటికి కనిపిస్తూనే ఉంది. అడుగు బిందువు వేగం సున్నా అనేది లెక్క తేలిగ్గా రావడానికి పెట్టుకున్న మాట. సైకిల్ సాగిపోతుంటే అడుగు ఒక్కచోట ఆగి ఉంటుందా చెప్పు. ఇంకోమాట, దొర్లే చక్రంలో ఏ బిందువూ ఎప్పుడూ వెనక్కి వెళ్లదు, ఇది గుర్తు పెట్టుకో, బిట్లలో వస్తుంది.

పల్లెపాలెం_పడవ

మీ లెక్కలు నాకు తెలీవు గానీ, దొర్లడం గురించి కాబట్టి నాదొకటి అడుగుతాను. అంతర్వేది దగ్గర మాది. పడవని ఒడ్డు మీదకి లాగేటప్పుడు కింద తాటి దుంగలు వేస్తాం. లాగుతుంటే దుంగలు వెనక్కి వెళ్లిపోతాయి, ఒకడు ఎప్పుడూ వెనకనుంచి దుంగ తీసుకుని ముందుకి పరిగెట్టాలి. పడవ ఆరు బారలు జరిగితే దుంగ మూడు బారలే జరుగుతుంది. ఇసక పట్టేసి దుంగని ఆపేస్తోందని మావాళ్లంటారు. నున్నటి దుంగలు వేస్తే సమానంగా వస్తాయా?

మాస్టారు_పాలకొల్లు

పడవ గారూ, మీరు వేరే సంగతి అడిగానని అనుకుంటున్నారు గానీ, కుర్రాడికి కావలసిన సాక్ష్యం మీ దగ్గరే ఉంది. మీ దుంగని ఇసక ఆపడం లేదు. అది చెయ్యాల్సిన పనే చేస్తోంది. దుంగ అడుగు ఇసకని పట్టుకుని ఉంది, అక్కడ వేగం సున్నా. దుంగ మధ్య భాగం v వేగంతో ముందుకి వస్తుంది. పడవ అడుగు కూర్చున్నది దుంగ నెత్తి మీద, అక్కడ వేగం 2v. పడవ ఆరు బారలకి దుంగ మూడు బారలు రావడం అంటే ఇదే. సిమెంటు గచ్చు మీద, నున్నటి ఇనప గొట్టాలతో లాగినా అంతే వస్తుంది. దుంగ వెనక్కి వెళ్లినట్టు మీకు కనిపించేది పడవతో పోల్చి చూస్తున్నారు కాబట్టి. గట్టు మీద ఒక గెడ పాతి దాన్ని బట్టి చూడండి, దుంగ ముందుకే వస్తుంది, మీకన్నా సగం వేగంతో.

డిప్లొమా అబ్బాయీ, నీ మాటతో అంత తేలిగ్గా ఒప్పుకోలేను. అడుగు బిందువు ఆగడం ఊహ అయితే ఫోటోలో కింది పుల్లలు స్పష్టంగా పడవు. ఆ ఫోటోనే లెక్కగడదాం. చక్రం వ్యాసార్ధం 34 సెం.మీ., సైకిల్ గంటకి 18 కి.మీ., అంటే సెకనుకి 5 మీటర్లు అనుకుందాం. కెమెరా కన్ను సెకనులో నూరోవంతు సేపు తెరుచుకుందనుకుందాం. ఆ కాసేపట్లో ఇరుసు 5 సెం.మీ. జరిగింది. పైన టైరు మీది బిందువు 10 సెం.మీ. జరిగింది, అందుకే అలికేసింది. అప్పుడే నేలని తాకిన బిందువు మాత్రం ఆ నూరోవంతు సెకనులో లేచింది నాలుగు మిల్లీమీటర్ల లోపే. ఇది ఊహ కాదు, కాయితం మీద పడిన బొమ్మ.

ఇంటర్ బాబూ, ఆ నాలుగు మిల్లీమీటర్ల లోపలే నీ జవాబు దాక్కుని ఉంది. రాత్రికి వివరంగా రాస్తాను. ఈలోగా ఒకటి ఆలోచించు: వేగం సున్నా అయిన బిందువు అసలు ఎందుకు లేచింది?

టీచరమ్మ_రాజోలు

మాస్టారు గారు వచ్చేలోపు పక్క బిందువుల గురించి ఒక మాట. పిల్లలు √2 v అని బట్టీపట్టి, దిశ అడిగితే తెల్లమొహం వేస్తారు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను, వృత్తంతోనే చూపిస్తాను. చక్రం కుడివైపుకి పోతోందనుకోండి. అడుగు బిందువు నుంచి చక్రం ముందు అంచుకి ఒక గీత గీయండి. దాని పొడవు √2 R, అందుకే వేగం √2 v. ఆ వేగం ఈ గీతకి లంబంగా ఉండాలి. అర్ధవృత్తంలో కోణం లంబకోణం అని తొమ్మిదో తరగతిలో చెబుతాం కదా. అంటే ఆ లంబరేఖని వెనక్కి పొడిగిస్తే చక్రం నెత్తి దగ్గరికి వెళ్తుంది. ముందు అంచు 45 డిగ్రీల వాలున ముందుకీ కిందకీ పోతోంది. వెనక అంచు అదే వాలున ముందుకీ పైకీ, సరిగ్గా నెత్తి బిందువు వైపు గురిపెట్టి లేస్తోంది.

అంచు మీద ఏ బిందువు తీసుకున్నా ఇంతే. దాని వేగం గీత ఎప్పుడూ చక్రం నెత్తి మీదుగానే పోతుంది. నాకు ఇది తోచిన రోజు బోర్డు మీద పన్నెండు బిందువులకి బాణాలు గీశాను, అన్నీ ఒకే చోట కలిశాయి. పిల్లలకంటే నాకే ఎక్కువ సంతోషం వేసింది.

ఇంటర్_అమలాపురం

మేడమ్, గీసి చూశాను, నిజంగానే కలిశాయి. మాస్టారండీ, మీ ప్రశ్నకి నా ఆలోచన: వేగం సున్నా అయినా త్వరణం ఉంటే లేస్తుంది. పైకి విసిరిన రాయి చిటారున ఆగినట్టు. అయితే అడుగు బిందువుకి త్వరణం ఉందన్నమాట. కానీ అక్షం మీది బిందువుకి త్వరణం ఉండకూడదు కదా?

మాస్టారు_పాలకొల్లు

అదీ ప్రశ్న. నువ్వు దాదాపు వచ్చేశావు.

తలుపుని తీసుకో. బందు దగ్గరి చెక్కకి వేగం లేదు, త్వరణమూ లేదు, ఎప్పటికీ అక్కడే ఉంటుంది. అందుకని తలుపు మీది ఏ బిందువుకైనా బందు నుంచి దూరం కొలిచి, వేగం వర్గాన్ని దానితో భాగిస్తే త్వరణం సరిగ్గా వస్తుంది. నువ్వు చక్రాన్ని తలుపులా, నేలని బందులా చూశావు. వేగాల వరకు ఆ పోలిక నిలుస్తుంది, ఎందుకంటే వేగం ఆ ఒక్క క్షణం సంగతి. త్వరణం చెప్పాలంటే ఆ క్షణానికి తర్వాతి క్షణం కూడా కావాలి. తర్వాతి క్షణానికి నీ బందు అక్కడ లేదు.

నేలని తాకే చోట మూడు వేరువేరు సంగతులు ఒకేచోట కూర్చుని ఉన్నాయి, గందరగోళమంతా అక్కడే. ఒకటి రోడ్డు మీది బిందువు, అది ఎప్పటికీ కదలదు. రెండోది టైరు మీది బిందువు, అది ఆ క్షణానికి ఆగింది, కానీ వెంటనే పైకి లేస్తుంది. మూడోది తాకుడు చోటు. అది వస్తువు కాదు, ఒక స్థానం, ఇరుసు కిందనే ఉంటూ v వేగంతో ముందుకి పరిగెడుతూనే ఉంటుంది. మనం తత్క్షణ భ్రమణాక్షం అని పేరు పెట్టింది ఈ మూడోదానికి. డిప్లొమా అబ్బాయి "సాగిపోతుంటే అడుగు ఆగి ఉంటుందా" అన్నప్పుడు అతని మనసులో ఉన్నది మూడోది, నేను ఆగిందన్నది రెండోదాన్ని.

ఇప్పుడు లెక్క. ఇరుసు ఒకే వేగంతో పోతోంది, దానికి త్వరణం లేదు. కాబట్టి టైరు మీది ప్రతి బిందువు త్వరణమూ ఇరుసు వైపు v²/R. మన సైకిల్‌కి 25ని 0.34తో భాగిస్తే 73 మీ/సె² పైచిలుకు. అడుగు బిందువుకి ఇది నిట్టనిలువుగా పైకి. గురుత్వ త్వరణానికి ఏడు రెట్ల పైన! నూరోవంతు సెకనులో ½ × 73 × 0.0001 చేస్తే 3.7 మి.మీ. వస్తుంది, నిన్న చెప్పిన నాలుగు మిల్లీమీటర్ల లోపు అదే.

నీ దారిలోనే వెళ్లి సరిదిద్దుదాం. అడుగు బిందువుతో పోల్చి చూస్తే పై బిందువు త్వరణం నువ్వన్నట్టే 2v²/R, కిందకి. నువ్వు తప్పు చెయ్యలేదు, సగంలో ఆగావు. ఆ అడుగు బిందువుకే v²/R పైకి త్వరణం ఉంది, దాన్ని కలపాలి. కిందకి రెండు, పైకి ఒకటి. మిగిలేది కిందకి v²/R. నీ జవాబు రెట్టింపు రావడానికి కారణం బందు కూడా పైకి దూకుతోందని మర్చిపోవడమే.

డిప్లొమా_కాకినాడ

మాస్టారు గారూ, మూడు సంగతులు కలిపేశానని ఒప్పుకుంటున్నాను. ఇంకో దారిలో సరిచూశాను. పై బిందువు నడిచే దారి నేల చుట్టూ గీసిన 2R వృత్తం కాదు, అది సైక్లాయిడ్. దాని శిఖరం దగ్గర వంపు వ్యాసార్ధం 4R. 4v²ని 4Rతో భాగిస్తే v²/R. సరిపోయింది. నిజమైన దారి అంత బల్లపరుపుగా ఉంటుందని అనుకోలేదు.

కానీ అయితే ఆ అక్షం వేగాలకి తప్ప పనికిరాదనేనా?

మాస్టారు_పాలకొల్లు

గతిజశక్తికి హాయిగా పనికొస్తుంది, శక్తికి కావలసింది వేగమే కదా. సన్నటి రిమ్ముకి ఆ అక్షం చుట్టూ జడత్వ భ్రామకం 2MR². సగం చేసి, చక్రం తిరిగే కోణీయ వేగం ω వర్గంతో గుణిస్తే Mv² వస్తుంది, విడివిడిగా చేసినా అంతే. టార్కు కూడా బరువు సమంగా ఉన్న చక్రానికి పనిచేస్తుంది. ఒకపక్క బురద ముద్ద పట్టిన చక్రానికి మాత్రం గుడ్డిగా వాడకు.

దమ్ముచక్రం_రావులపాలెం

నాకు ట్రాక్టరుంది, సార్వాకి దమ్ము చేస్తాను. "ఏ బిందువూ వెనక్కి వెళ్లదు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మా చేలో వెళ్తుందండీ. ఇనప దమ్ము చక్రం బురదని వెనక్కి తోస్తుంది, కళ్లారా చూస్తాం. మరి ఈ అక్షం అప్పుడు ఎక్కడ ఉంటుంది?

మాస్టారు_పాలకొల్లు

చాలా మంచి ప్రశ్న. మీ దగ్గర కొలత ఏమైనా ఉందా? చక్రానికి గుడ్డపీలిక కట్టి, రోడ్డు మీద పది చుట్లకి ఎంత దూరం వెళ్లింది, బురదలో పది చుట్లకి ఎంత వెళ్లింది కొలిస్తే చాలు. రోడ్డు మీద మాత్రం ఇనప చక్రాలు వద్దు, రోడ్డు పాడవుతుంది. చేలోనే గట్టిగా ఆరిన చోట కొలవండి.

దమ్ముచక్రం_రావులపాలెం

ఈరోజు కొలిచాను. కళ్లం గట్టినేల మీద పది చుట్లకి 40 మీటర్లు. మోకాటి బురదలో అదే పది చుట్లకి 30 మీటర్లు. ఒక మీటరు అటూఇటూ ఉండొచ్చు, గట్టు మీదనుంచి మా అబ్బాయి టేపు పట్టాడు.

మాస్టారు_పాలకొల్లు

బ్రహ్మాండం. గట్టినేల మీద చుట్టుకి 4 మీటర్లు, 2πతో భాగిస్తే 64 సెం.మీ. దాదాపు మీ చక్రం వ్యాసార్ధం. బురదలో చుట్టుకి 3 మీటర్లు, 2πతో భాగిస్తే 48 సెం.మీ. అక్షం ఎప్పుడూ ఇరుసు నుంచి v/ω దూరంలో ఉంటుంది. బురదలో ఆ దూరం 48. అంటే చక్రం అడుగు నుంచి 16 సెం.మీ. పైకి వచ్చేసింది, చక్రం లోపలికి! ఆ 16 సెం.మీ.కి కింద ఉన్న పట్టీలన్నీ ఆ క్షణంలో వెనక్కి పోతున్నాయి, బురదని తోస్తున్నది అవే. దానికి పైనున్నవి ముందుకి పోతున్నాయి. ట్రాక్టరు దిగబడి, చక్రాలు గిరగిరా తిరుగుతూ బండి కదలకపోతే? v సున్నా, అక్షం ఇరుసు మీదకే వచ్చేస్తుంది. అప్పుడు డిప్లొమా అబ్బాయి మొదట అన్న మాట అక్షరాలా నిజం, చక్రం ఇరుసు చుట్టూనే తిరుగుతోంది.

దీనికి ఎదురు సంగతి తడి రోడ్డు మీద బ్రేకు. చక్రం నెమ్మదించి బండి జారుతుంటే ω తగ్గుతుంది, అక్షం రోడ్డు కిందకి దిగిపోతుంది. చక్రం పూర్తిగా బిగుసుకుంటే ఎక్కడా ఉండదు, అన్ని బిందువులూ ఒకే వేగంతో జారుతున్నాయి కాబట్టి. మొత్తానికి అక్షం సరిగ్గా నేల మీద ఉండడమే జారకుండా దొర్లడం అనేదానికి గుర్తు.

రైల్వే_నిడదవోలు

జారకపోయినా వెనక్కి వెళ్లే బిందువులు మా దగ్గరున్నాయి. రైలు చక్రానికి లోపలివైపు ఒక అంచు పట్టా కంటే కిందకి దిగి ఉంటుంది, పట్టాలు తప్పకుండా. పెట్టె చక్రం కొత్తది 915 మి.మీ. వ్యాసం, ఆ అంచు సుమారు 28 మి.మీ. కిందకి ఉంటుంది. అక్షం పట్టా మీద ఉంటే దాని కిందున్న అంచు వెనక్కే పోవాలి కదా. గంటకి 72 కి.మీ.తో నర్సాపురం రైలు పోతుంటే ఆ అంచు అడుగు సెకనుకి 1.2 మీటర్ల చొప్పున వెనక్కి పోతూ ఉంటుంది. డ్యూటీలో రోజూ చూస్తూ కూడా లెక్క వేసేదాకా నాకు తట్టలేదు.

పల్లెపాలెం_పడవ

మాస్టారు గారూ, గెడ పాతి చూశాను. దుంగ ముందుకే వచ్చింది. కానీ మెత్తటి ఇసకలో పడవ ఆరు బారలకి దుంగ రెండున్నరే వచ్చింది, గట్టి ఇసకలో మూడు. తేడా ఎందుకు?

మాస్టారు_పాలకొల్లు

దుంగ నెత్తి మీద పడవ జారకుండా ఉంటే, ఇసకలో దుంగ కొంచెం వెనక్కి తిరుగుడు జారిందని అనుకోవచ్చు, దమ్ము చక్రంలాగే. లేదా తడి దుంగ మీద పడవే ముందుకి జారి ఉండొచ్చు. దుంగకి సుద్దగీత గీసి ఎన్ని చుట్లు తిరిగిందో కూడా చూస్తే తప్ప ఏదని చెప్పలేను.

ఇంటర్_అమలాపురం

నేనూ సైకిల్‌తో కొలిచాను. ముందు చక్రం వాల్వుకి ఎర్ర పీలిక కట్టి, నాన్నగారు ఎక్కి కూర్చుంటే సిమెంటు రోడ్డు మీద పది చుట్లు. 21 మీటర్ల 10 సెం.మీ. వచ్చింది. మూడుసార్లూ రెండు సెంటీమీటర్ల తేడాలోపే. 2πతో భాగిస్తే 33.6 సెం.మీ. కానీ నాన్నగారు కూర్చుని ఉండగా నేల నుంచి ఇరుసు ఎత్తు స్కేలుతో కొలిస్తే 33.0. గాలి కాస్త తక్కువగా ఉండి టైరు అణిగింది. అంటే అక్షం రోడ్డుకి 6 మి.మీ. కింద ఉన్నట్టా? మేం బ్రేకు వెయ్యలేదు, జారనూ లేదు.

డిప్లొమా_కాకినాడ

హ్యాండిల్ అటూఇటూ ఊగి ఉంటుంది, కొలత తప్పొచ్చుంటుంది.

టీచరమ్మ_రాజోలు

ఊగితే చక్రం వంకర దారిలో ఎక్కువ దూరం నడుస్తుంది, టేపు మాత్రం తిన్నగా తక్కువ చూపిస్తుంది. అప్పుడు 33.0 కంటే తక్కువ రావాలి, ఎక్కువ కాదు. స్కేలు పెట్టినప్పుడు సైకిల్ ఒరిగి ఉంటే ఇరుసు ఎత్తు తగ్గుతుంది గానీ, 6 మి.మీ. తగ్గాలంటే పది డిగ్రీలకి పైగా ఒరగాలి. అంత ఒరిగితే కనిపించదా?

ఇంటర్_అమలాపురం

నిటారుగానే ఉంది మేడమ్. నేనే పట్టుకున్నాను.

మాస్టారు_పాలకొల్లు

కొలత నమ్మదగిందే. అణిగిన టైరు చక్కటి వృత్తం కాదు. బిగుసైన రిమ్ముకి అక్షం వెతుకుతున్నాం, నేలని తాకుతున్నది మాత్రం మెత్తటి రబ్బరు. చుట్టుకి టైరు నడిచే దూరం దాని చుట్టుకొలతని బట్టి ఉంటుంది, టైరు అణిగినంత మాత్రాన ఆ చుట్టుకొలత అంతే నిష్పత్తిలో తగ్గదు. ఇరుసు ఎత్తు మాత్రం అణిగినంతా తగ్గుతుంది. అందుకని రిమ్ము లెక్కన అక్షం రోడ్డు ఉపరితలానికి కాస్త కిందకి పడుతుంది. నేలని తాకిన రబ్బరు ముక్క మాత్రం చాలా వరకు రోడ్డుని పట్టుకునే ఉంటుంది. చక్రంలో ఒక భాగానికి ఒక అక్షం, ఇంకో భాగానికి వేరే సంగతి. దీన్ని జారకుండా దొర్లడం అనాలా వద్దా అంటే, గట్టి చక్రానికి రాసుకున్న నిర్వచనం ఇక్కడ తెగదు.

దమ్ముచక్రం_రావులపాలెం

అయితే బాబూ, ఈసారి గాలి నిండా కొట్టించి మళ్లీ కొలువు. ఆ 6 మిల్లీమీటర్లు తగ్గాలి కదా.

ఇంటర్_అమలాపురం

రేపు ఆదివారం కొలుస్తానండీ. గాలి నిండా ఉన్నప్పుడొకసారి, సగం తీసేసి ఒకసారి.